ఎఫ్‌డీ అని చెప్పి యులిప్ రాయించారా? కాగితాలను బట్టి గుర్తించే పద్ధతి, 30 రోజుల్లో బయటపడే మార్గం

"బ్యాంకులో ఎఫ్‌డీ వేయడానికి వెళ్తే ఏదో బాండు చేతికిచ్చారు, ఇది అదేనా కాదా ఎలా తెలుసుకోవాలి?" అన్న ప్రశ్న పాఠకుల నుంచి పదేపదే వస్తున్నందున, ఆ ఒక్క విషయాన్నే మొదటి నుంచి చివరిదాకా వరుసగా రాస్తున్నాను. మార్కెట్‌తో ముడిపడిన బీమా పాలసీని, అంటే యులిప్‌ను, ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా చెప్పి అమ్మినప్పుడు ఏ కాగితంలో ఏ గడి చూడాలి, ఎన్ని రోజుల్లోగా ఏం చేయాలి అన్నదే ఇక్కడి విషయం. యులిప్ ఏమిటో తెలిసి, మార్కెట్ ఒడిదుడుకులకు సిద్ధపడి తీసుకున్నవారి సంగతి వేరు. ఈ వ్యాసం తెలియకుండా తీసుకున్నవారి కోసం.

ఉదాహరణగా మా మేనత్తగారి అనుభవాన్నే తీసుకుంటాను. ఆమె వయసు 61 ఏళ్లు, నెలకు 32,000 రూపాయల పింఛను తప్ప మరో రాబడి లేదు. 5 లక్షల ఎఫ్‌డీ గడువు తీరితే దాన్ని తిరగ వేయడానికి బ్యాంకుకు వెళ్లారు. అక్కడ బల్ల దగ్గర కూర్చున్న యువకుడు ఆమె కాగితాలు చూసి, "ఆంటీ, పాత ఎఫ్‌డీకి వడ్డీ తగ్గిపోయింది. మన బ్యాంకులోనే ఐదేళ్ల స్పెషల్ ఎఫ్‌డీ ఉంది, వడ్డీ ఎక్కువ, పైగా ఇన్సూరెన్స్ ఫ్రీ" అన్నాడు. ఆమె మూడు చోట్ల సంతకం చేసి, రెండు ఓటీపీలు చెప్పి ఇంటికి వచ్చారు. అంకెలన్నీ తేలికగా లెక్క పెట్టేందుకు గుండు సంఖ్యలుగా మార్చాను.

## 1. ముందుగా తేడా ఎక్కడుందో చూడండి

ఎఫ్‌డీలో మీరు బ్యాంకుకు అప్పు ఇస్తున్నట్టు లెక్క. వడ్డీ రేటు ఆ రోజే ఖరారవుతుంది, గడువు తీరాక ఎంత వస్తుందో రసీదు మీదే ఉంటుంది. అవసరమైతే, పన్ను ఆదా చేసే ఐదేళ్ల ఎఫ్‌డీ మినహా, సాధారణంగా కొంత వడ్డీ వదులుకుని మధ్యలోనే తీసుకోవచ్చు. బ్యాంకు మునిగిపోయినా, ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా రక్షణ ఉంది.

యులిప్‌లో మీరు కట్టేది డిపాజిట్ కాదు, ప్రీమియం. అందులోంచి కొన్ని ఛార్జీలు పోగా మిగిలిన సొమ్ముతో యూనిట్లు కొంటారు. ఆ యూనిట్ల ధర మార్కెట్‌ను బట్టి రోజూ మారుతుంది. ఐదేళ్లు నిండేదాకా సొమ్ము తీసుకోవడానికి వీల్లేదు. డిపాజిట్ బీమా దీనికి వర్తించదు, పాలసీని అమ్మింది బ్యాంకు శాఖలోనే అయినా సరే.

"ఇన్సూరెన్స్ ఫ్రీ" అన్న మాట దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే పెద్ద వయసువారికి అసలు నష్టం అక్కడే ఉంది. బీమా రక్షణ కోసం మోర్టాలిటీ ఛార్జీ అని ప్రతి నెలా మీ యూనిట్లలోంచే కొన్నిటిని రద్దు చేసి తీసుకుంటారు. చేతి నుంచి విడిగా కట్టనక్కరలేదు కాబట్టి అది ఉచితంలా కనిపిస్తుంది.

మేనత్తగారి పాలసీలో బీమా మొత్తం ప్రీమియానికి 7 రెట్లు, అంటే 35 లక్షలు. అందులో ఆమె సొంత సొమ్ము సుమారు 5 లక్షలు పోగా, కంపెనీ మోసే భారం 30 లక్షలు. ఆ వయసుకు ఏడాదికి వెయ్యికి 12 రూపాయల చొప్పున ఛార్జీ అనుకుంటే, 30 లక్షలకు 36,000 రూపాయలు అవుతుంది. అది ఆమె కట్టిన 5 లక్షల్లో 7.2 శాతం. ఎఫ్‌డీ మీద వడ్డీగా రావలసినంత సొమ్ము, ఆమె కోరని బీమా రక్షణ కోసం కరిగిపోతుందన్నమాట. వయసు పెరిగేకొద్దీ ఈ రేటు కూడా పెరుగుతుంది. మీ పాలసీలో అసలు రేటు ఎంతో, వయసు వారీ పట్టిక రూపంలో పాలసీ పత్రంలో ఉంటుంది.

ఈ ఛార్జీ మరీ ఎక్కువగా కనబడకుండా ఉండేందుకు కొందరు ఏజెంట్లు పాలసీని కొడుకు పేరో కూతురు పేరో మీద రాస్తారు. సొమ్ము తల్లిది, బీమా మాత్రం కొడుకు ప్రాణం మీద. "ఎఫ్‌డీకి మీ అబ్బాయి ఆధార్ ఎందుకు?" అన్న ప్రశ్న మీకు వచ్చిందంటే ఇది గుర్తుంచుకోండి.

## 2. సంతకానికి ముందు అడగవలసినవి

ఏజెంటు సాధారణంగా పచ్చి అబద్ధం చెప్పడు. సగం నిజం చెబుతాడు. "ఐదేళ్లు లాకిన్, అచ్చం ట్యాక్స్ సేవింగ్ ఎఫ్‌డీ లాగే" అంటాడు. లాకిన్ ఐదేళ్లన్నది నిజమే. అయితే ఎఫ్‌డీలో ఐదేళ్లకు గడువు తీరుతుంది, ఇక్కడ ఐదేళ్లకు తాళం మాత్రమే తీస్తారు, పాలసీ కాలం పదేళ్లో పదిహేనేళ్లో ఉండవచ్చు.

"చివర్లో వచ్చేదంతా ట్యాక్స్ ఫ్రీ" అన్నదీ అలాంటిదే. ఏడాది ప్రీమియం బీమా మొత్తంలో 10 శాతానికి మించకూడదు. 2021 ఫిబ్రవరి 1 నుంచి తీసుకున్న యులిప్‌లలో ఏడాది ప్రీమియం 2.5 లక్షలు కూడా దాటకూడదు. ఈ రెండు షరతులకూ లోబడితేనే మెచ్యూరిటీ సొమ్ముకు మినహాయింపు. మేనత్తగారి పాలసీలో బీమా 7 రెట్లే కాబట్టి మొదటి షరతు తప్పింది, ప్రీమియం 5 లక్షలు కాబట్టి రెండోదీ తప్పింది.

అందువల్ల వాదనకు దిగకుండా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

- [ ] ఇది బ్యాంకు డిపాజిట్టా, బీమా పాలసీనా? ఒక్క మాటలో చెప్పండి.
- [ ] సొమ్ము ఎవరి పేరు మీద వెళ్తుంది, బ్యాంకు పేరు మీదా, బీమా కంపెనీ పేరు మీదా?
- [ ] వచ్చే ఏడాది ఇదే తేదీకి నేను మళ్లీ ఏమైనా కట్టాలా?
- [ ] వచ్చే ఏడాది నాకు డబ్బు అవసరమైతే ఎంత చేతికొస్తుంది?

జవాబులు నోటితో వింటే సరిపోదు. "నాకు మరపు ఎక్కువ బాబూ, ఇవే నా వాట్సాప్‌కు రాసి పంపు" అని మర్యాదగా అడగండి. నిజంగా ఎఫ్‌డీ అమ్మేవాడికి అది రాసివ్వడం కష్టమేమీ కాదు. "ఫోన్‌లో చెబుతాను", "సిస్టమ్‌లో అన్నీ ఉన్నాయి" అంటూ దాటవేస్తే అక్కడే లేచి రండి. ఆయన రాసి పంపితే, అది అబద్ధమైనా నిజమైనా, రేపటి ఫిర్యాదుకు అంతకు మించిన ఆధారం ఉండదు.

చెక్కు రాసేటప్పుడు మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు. బీమా కంపెనీ పేరు రాయమన్నారంటే అది ఎఫ్‌డీ కాదు.

## 3. కాగితాల్లో చూడవలసిన ఐదు చోట్లు

పాలసీ పత్రం నలభై యాభై పేజీలు ఉంటుంది. అంతా చదవనక్కరలేదు. ఈ ఐదు చోట్లు చూడటానికి పది నిమిషాలు చాలు.

### 3.1 యూఐఎన్ సంఖ్యలోని అక్షరం

ప్రతి జీవిత బీమా పథకానికీ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. బ్రోషర్ మీద, ప్రపోజల్ ఫారం మీద, పాలసీ మొదటి పేజీల్లో UIN అన్న అక్షరాల పక్కన అది కనబడుతుంది. దాని అమరిక ఇలా ఉంటుంది:

```
000L000V00   మార్కెట్‌తో ముడిపడిన పాలసీ
000N000V00   మార్కెట్‌తో ముడిపడని పాలసీ
```

సున్నాల చోట అసలు అంకెలు ఉంటాయి. మొదటి మూడు అంకెల తరువాత వచ్చే అక్షరం L అయితే అది లింక్డ్ పాలసీ, ఏజెంటు ఏ పేరుతో పిలిచినా సరే. N అయినంత మాత్రాన అది ఎఫ్‌డీ అయిపోదు. అదీ బీమాయే, కాకపోతే మరో రకం. అసలు ఎఫ్‌డీ రసీదు మీద యూఐఎన్ అన్నదే ఉండదు.

### 3.2 తప్పనిసరిగా అచ్చు వేసే వాక్యం

యులిప్ పత్రాల్లో రెండు హెచ్చరికలు ఉండి తీరాలి. పెట్టుబడిలోని నష్టభయం పాలసీదారుదే అన్నది ఒకటి, మొదటి ఐదేళ్లు సొమ్ము వెనక్కి తీసుకునే వీలు లేదన్నది మరొకటి. ఇవి తరచుగా ఇంగ్లిషులోనే ఉంటాయి. ఇంగ్లిషు రానివారు ఇంట్లోని పిల్లల చేత మొదటి పేజీ, బ్రోషర్ చివరి పేజీ చదివించుకుంటే చాలు. ఈ వాక్యం కనబడ్డాక "సేఫ్" అన్న మాటకు ఇక అర్థం లేదు.

### 3.3 ఎన్నేళ్లు కట్టాలి అన్న గడి

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లను ముంచేది ఇదే. "ఒక్కసారి కడితే చాలు" అని చెప్పి, ప్రీమియం చెల్లింపు కాలం అన్న గడిలో 5 అనో 10 అనో రాస్తారు. మేనత్తగారి పత్రంలో పాలసీ కాలం 15, చెల్లింపు కాలం 10, చెల్లింపు విధానం వార్షికం అని ఉంది. అంటే ఆమె ఏటా 5 లక్షల చొప్పున పదేళ్లలో 50 లక్షలు కడతానని సంతకం చేశారు. ఆమె ఏడాది పింఛను మొత్తం కలిపినా 3,84,000 రూపాయలే.

చాలామందికి ఈ సంగతి మరుసటి ఏడాది ప్రీమియం కట్టమని సందేశం వచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పటికి గడువులన్నీ దాటిపోయి ఉంటాయి.

### 3.4 రెండు వరుసల పట్టిక

బెనిఫిట్ ఇలస్ట్రేషన్ అన్న పట్టికలో పెట్టుబడి ఏటా 4 శాతం పెరిగితే ఎంత, 8 శాతం పెరిగితే ఎంత అని రెండు లెక్కలు చూపిస్తారు. ఏజెంటు వేలు ఎప్పుడూ 8 శాతం వరుస మీదే ఉంటుంది. ఆ రెండూ ఊహాలెక్కలే. హామీలూ కావు, ఇంతకన్నా తగ్గదు, ఇంతకన్నా పెరగదు అని చెప్పే హద్దులూ కావు. ఎఫ్‌డీకి ఇలా రెండు వరుసలు ఉండవు, ఒకే అంకె ఉంటుంది.

ఈ పట్టిక కింద మీ సంతకం ఉండాలి. మీరు చూడని పట్టిక మీద మీ సంతకమో ఓటీపీ ధ్రువీకరణో ఉంటే, ఆ సంగతి విడిగా రాసి పెట్టుకోండి. ఫిర్యాదులో పనికొస్తుంది.

### 3.5 మీ గురించి రాసిన వివరాలు

పాలసీ పత్రంతో పాటు మీ ప్రపోజల్ ఫారం నకలు కూడా వస్తుంది. దాన్ని ఎవరూ తెరిచి చూడరు. మేనత్తగారి ఫారంలో వృత్తి "వ్యాపారం" అని, ఏడాది ఆదాయం 12 లక్షలని ఉంది. పింఛనుదారు ఏటా 5 లక్షల ప్రీమియం కడతారంటే కంపెనీ ఒప్పుకోదు కనుక ఆదాయాన్ని పెంచి రాశారు. తప్పుడు అమ్మకాన్ని నిరూపించడానికి ఇంతకన్నా గట్టి ఆధారం దొరకదు, ఎందుకంటే పింఛను పత్రం ఒకటి జతచేస్తే చాలు.

ఈ ఫారంలో సరిచూడవలసినవి:

- [ ] వృత్తి, ఏడాది ఆదాయం
- [ ] ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవేనా, ఏజెంటువా
- [ ] ఎవరి ప్రాణం మీద బీమా, నామినీ ఎవరు
- [ ] ఆరోగ్య ప్రశ్నలకు మీ తరఫున ఎవరో "లేదు" అని రాశారా
- [ ] అమ్మిన వ్యక్తి పేరు, కోడ్

ఈమెయిల్ వేరే వారిదైతే పాలసీ పత్రం వారికే వెళ్తుంది, రద్దు గడువు మీకు తెలియకుండానే గడిచిపోయే ప్రమాదం ఉంది. ఆరోగ్య ప్రశ్నల సంగతి కూడా చిన్నది కాదు. బీపీ, షుగర్ దాచి రాసిన పాలసీలో మొదటి మూడేళ్లలో ప్రాణనష్టం జరిగితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం కంపెనీకి ఉంటుంది.

## 4. ధ్రువీకరణ ఫోన్ వచ్చినప్పుడు

పాలసీ జారీకి ముందో తరువాతో కంపెనీ నుంచి ఒక ఫోన్ వస్తుంది, లేదా సెల్ఫీ వీడియో తీయమంటూ లింకు వస్తుంది. దానికి ముందే ఏజెంటు ఫోన్ చేసి, "ఆంటీ, కంపెనీ వాళ్లు ఫార్మాలిటీకి అడుగుతారు, అన్నిటికీ ఎస్ అనండి, లేకపోతే డిపాజిట్ ఆగిపోతుంది" అని చెప్పి ఉంటాడు.

ఆ ఫోన్ రికార్డవుతుంది. "ఇది జీవిత బీమా పాలసీ అని, పదేళ్లు ప్రీమియం కట్టాలని, రాబడి మార్కెట్‌ను బట్టి మారుతుందని మీకు తెలుసు కదా?" అని గుక్క తిప్పుకోకుండా అడుగుతారు. మీరు "ఎస్" అంటే, రేపు మీ ఫిర్యాదుకు కంపెనీ ఇచ్చే మొదటి జవాబు ఆ రికార్డింగే.

కాబట్టి ఇలా చేయండి. తెలుగులో మాట్లాడమనండి. ఒక్కో ప్రశ్నకూ ఆపి జవాబివ్వండి. "నాకు ఇది ఎఫ్‌డీ అని చెప్పారు, ఒక్కసారే కట్టాలన్నారు, అది నిజం కాకపోతే నాకు ఈ పాలసీ వద్దు" అని స్పష్టంగా అనండి. అప్పుడు అదే రికార్డింగు మీ పక్షాన నిలుస్తుంది. ఇప్పటికే "ఎస్" అనేసినవారు కంగారు పడనక్కరలేదు. కింద చెప్పే 30 రోజుల హక్కుకు ఆ "ఎస్" అడ్డం రాదు.

## 5. పాలసీ చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజులు

పాలసీ పత్రం అందిన తేదీ నుంచి 30 రోజుల్లోగా దాన్ని వెనక్కి ఇచ్చేసే హక్కు పాలసీదారుకు ఉంది. దీన్ని ఫ్రీ లుక్ అంటారు. మోసం జరిగిందని నిరూపించనక్కరలేదు, ఏజెంటు అనుమతి అక్కరలేదు. అన్ని దారుల్లోకీ ఇదే తక్కువ నష్టం ఉన్న దారి కాబట్టి మీ శక్తి అంతా ఇక్కడే పెట్టండి.

వరుస ఇది:

1. పత్రం అందిన తేదీని రాసి పెట్టండి. పోస్టు కవరు పారేయకండి. ఈమెయిల్‌లో వస్తే ఆ మెయిల్ తేదీ కనబడేలా ఫొటో తీయండి.
2. రద్దు లేఖను నేరుగా బీమా కంపెనీకి పంపండి. ఏజెంటు చేతికో, బ్యాంకు బల్ల దగ్గరో ఇచ్చి ఊరుకోకండి.
3. కంపెనీ శాఖకు వెళ్లి ఇస్తే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అదే లేఖను పాలసీలో ఉన్న అధికారిక ఈమెయిల్‌కు కూడా పంపండి.
4. అభ్యర్థన నంబరు అడిగి తీసుకోండి.
5. సొమ్ము వెనక్కి రావడానికి బ్యాంకు ఖాతా వివరాలు, రద్దు చేసిన చెక్కు జతచేయండి.
6. ప్రీమియం కోసం మీ ఖాతాలో ఆటో డెబిట్ పెట్టారేమో చూసి ఆపించండి.

లేఖ పొడుగ్గా ఉండనక్కరలేదు. ఈ మాత్రం చాలు:

"నా పాలసీ నంబరు ______ పత్రం నాకు ______ తేదీన అందినది. ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ అని, ఒక్కసారి చెల్లిస్తే చాలునని చెప్పి నాకు అమ్మారు. పత్రంలోని షరతులు అందుకు విరుద్ధంగా ఉన్నందున నాకు సమ్మతము కావు. ఫ్రీ లుక్ గడువులోగా ఈ పాలసీని రద్దు చేసి, నాకు రావలసిన సొమ్మును కింది ఖాతాకు జమ చేయవలసినదిగా కోరుతున్నాను."

ఎంత వెనక్కి వస్తుందో ముందే తెలుసుకుంటే తరువాత ఆందోళన ఉండదు. యులిప్‌లో రద్దు రోజున యూనిట్ల విలువకు, అప్పటిదాకా కోసుకున్న ఛార్జీలను కలిపి, అందులోంచి బీమా రక్షణ ఉన్న రోజుల ఖర్చు, వైద్య పరీక్షలు చేయించి ఉంటే వాటి ఖర్చు, స్టాంపు డ్యూటీ మినహాయిస్తారు. మార్కెట్ పడితే ఆ నష్టం మీదే, పెరిగితే లాభమూ మీదే.

మేనత్తగారు 24వ రోజున లేఖ ఇచ్చారు. లెక్క ఇలా వచ్చింది:

| వివరం | రూపాయలు |
|---|---|
| ఆ రోజు యూనిట్ల విలువ | 4,82,000 |
| మొదట కోసుకున్న కేటాయింపు ఛార్జీ తిరిగి కలిపినది | 10,000 |
| మొదటి నెల మోర్టాలిటీ ఛార్జీ తిరిగి కలిపినది | 3,000 |
| 24 రోజుల బీమా ఖర్చు మినహాయింపు | −2,367 |
| 35 లక్షల బీమాకు స్టాంపు డ్యూటీ మినహాయింపు | −700 |
| చేతికి వచ్చినది | 4,91,933 |

ఆ 24 రోజుల్లో మార్కెట్ కొంచెం పడింది కాబట్టి మొత్తం మీద 8,067 రూపాయలు పోయాయి. బాధే, కానీ తరువాతి భాగంలోని లెక్కతో పోలిస్తే ఇది చాలా చిన్న నష్టం.

ఈ రోజుల్లో ఏజెంటు చేసే పని ఒక్కటే, కాలం గడపడం. "మేనేజరు సెలవులో ఉన్నారు, సోమవారం నేనే క్యాన్సిల్ చేయిస్తా", "రెండు నెలలు చూడండి, బోనస్ పడుతుంది" అంటాడు. మేనత్తగారికి మూడు సోమవారాలు అలాగే గడిచాయి. మూడో సోమవారం ఆమె ఫోన్ పెట్టేసి నాకు చెప్పకపోయి ఉంటే గడువు దాటేది.

## 6. 30 రోజులు దాటిపోతే

గడువు దాటాక మామూలు రద్దులో ఐదేళ్లు నిండకుండా సొమ్ము చేతికి రాదు. రెండో ఏడాది ప్రీమియం కట్టకపోతే ఏం జరుగుతుందో అదే పాలసీతో చూద్దాం. మార్కెట్ అసలు పెరగలేదు, తగ్గలేదు అనుకుందాం.

5 లక్షల్లో కేటాయింపు ఛార్జీ 10,000, ఏడాది మోర్టాలిటీ ఛార్జీ 36,000, ఫండ్ నిర్వహణ ఛార్జీ సుమారు 6,500 పోతే 4,47,500 మిగులుతుంది. ఈ నిర్వహణ ఛార్జీ ఏడాదికి 1.35 శాతం మించకూడదన్న పరిమితి ఉంది. కట్టడం ఆపాక గ్రేస్ గడువు ముగిస్తే, మొదటి ఏడాది ప్రీమియం తరువాత ఆపినందుకు గరిష్ఠంగా 6,000 రూపాయలు కోసుకుని, మిగతా 4,41,500ను నిలిపివేసిన పాలసీల ఫండ్‌కు మారుస్తారు. బీమా రక్షణ ఆగిపోతుంది. ఆ ఫండ్‌లో ఏడాదికి కనీసం 4 శాతం ఇవ్వాలన్న నియమం ఉంది. మరో నాలుగేళ్లకు అది సుమారు 5,16,000 అవుతుంది.

అదే 5 లక్షలు 6.5 శాతం వడ్డీకి మూడు నెలలకోసారి చక్రవడ్డీ కలిసే ఎఫ్‌డీలో ఉంటే ఐదేళ్లకు సుమారు 6,90,000 అయ్యేది. పన్ను పక్కన పెడితే తేడా లక్షా 74 వేలు.

అంత పోయినా, స్తోమత లేనివారు అప్పు చేసి రెండో ప్రీమియం కట్టడం కన్నా ఆపడమే మేలని నా అభిప్రాయం. రెండోది కడితే మరో 5 లక్షలు అదే తాళంలో పడతాయి. అయితే ఆపడంతో పాటే ఫిర్యాదు కూడా మొదలుపెట్టాలి, ఎందుకంటే తప్పుడు అమ్మకం అని తేలితే పాలసీని రద్దు చేసి సొమ్ము ఇవ్వమని ఆదేశించే అధికారం, బీమా ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్‌కు ఉంది.

## 7. ఫిర్యాదు మెట్లు

ముందుగా బీమా కంపెనీకే ఫిర్యాదు చేయాలి. అది చేయకుండా ముందే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్తే వెనక్కి పంపుతారు.

మొదటి మెట్టు, బీమా కంపెనీ. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. బ్యాంకు ద్వారా కొన్నట్టయితే బ్యాంకుకూ ఒక నకలు ఇవ్వండి, అయితే గడువులు లెక్కకు వచ్చేది కంపెనీకి పంపిన తేదీ నుంచే.

రెండో మెట్టు, బీమా భరోసా. ఐఆర్‌డీఏఐ నడిపే bimabharosa.irdai.gov.in లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆన్‌లైన్ అలవాటు లేనివారు 155255 లేదా 1800 4254 732 కు ఫోన్ చేయవచ్చు. ఐఆర్‌డీఏఐ తానే తీర్పు చెప్పదు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది, నమోదు సంఖ్య ఇస్తుంది.

మూడో మెట్టు, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. కంపెనీ తిరస్కరించినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా, నెల రోజులు గడిచినా జవాబు రాకపోయినా ఇక్కడికి వెళ్లవచ్చు. తిరస్కరణ వచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. అదే విషయం మీద కోర్టులో కేసు నడుస్తుంటే మాత్రం తీసుకోరు.

ఫిర్యాదులో "మోసం చేశారు" అని పదిసార్లు రాసినా ఫలితం ఉండదు. చెప్పినది ఒకటి, రాసినది ఒకటి అని పక్కపక్కన పెట్టాలి. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ వైపు ఏజెంటు అన్న మాట, కుడి వైపు పాలసీలోని గడి, పేజీ సంఖ్య రాయండి. మేనత్తగారి విషయంలో అలా రాసుంటే మూడు వరుసలు వచ్చేవి: ఒక్కసారి చెల్లింపు అన్నారు, పత్రంలో పదేళ్లు; పింఛనుదారు అని తెలుసు, ఫారంలో వ్యాపారి, 12 లక్షల ఆదాయం; వడ్డీ ఖాయం అన్నారు, పత్రంలో నష్టభయం పాలసీదారుదే.

జతచేయవలసినవి:

- [ ] పాలసీ పత్రం, ప్రపోజల్ ఫారం నకళ్లు
- [ ] పింఛను పత్రం లేదా ఆదాయ ఆధారం
- [ ] గడువు తీరిన ఎఫ్‌డీ రసీదు, అదే రోజు ప్రీమియం కట్ అయిన పాస్‌బుక్ పేజీ
- [ ] ఏజెంటు సందేశాలు, చేతిరాతతో వడ్డీ లెక్క వేసిచ్చిన చీటీ, విజిటింగ్ కార్డు
- [ ] ధ్రువీకరణ ఫోన్ రికార్డింగు ఇవ్వమని మీరు కంపెనీని అడిగిన లేఖ

ఎఫ్‌డీ సొమ్ము అదే ఖాతాలో జమ అయి, అదే రోజు బీమా కంపెనీకి వెళ్లినట్టు చూపే పాస్‌బుక్ పేజీని చాలామంది జతచేయరు. మీరు ఏ పని మీద బ్యాంకుకు వెళ్లారో చెప్పే కాగితం అదే.

## 8. ఈ క్రమంలో జరిగే పొరపాట్లు, సవరణలు

ఖాళీ ఫారం మీద సంతకం చేశారు. ఇప్పుడు చేయగలిగింది, వచ్చిన ఫారం నకలులో మీ చేతిరాత కాని గడులన్నిటినీ గుర్తించి, ఆ జాబితాను లేఖతో జతచేయడం.

అసలు పాలసీ పత్రం ఏజెంటుకు ఇచ్చేశారు. "క్యాన్సిల్ చేయిస్తా" అని తీసుకెళ్లి గడువు దాటేదాకా ఉంచుకుంటారు. పత్రం లేకపోయినా పాలసీ నంబరుతో ఈమెయిల్ ద్వారా ఆ రోజే రద్దు కోరండి, పత్రం ఎవరి దగ్గర ఉందో అందులోనే రాయండి.

పాలసీ నంబరు కూడా తెలియదు. పాస్‌బుక్‌లో సొమ్ము ఏ కంపెనీకి వెళ్లిందో చూసి, ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కు మీ పేరు, పుట్టిన తేదీ, పాన్ చెబితే నంబరు దొరుకుతుంది. నెట్ బ్యాంకింగ్ ఉన్నవారు డిపాజిట్ల జాబితా తెరిచి చూడవచ్చు. మీ "స్పెషల్ ఎఫ్‌డీ" అందులో లేదంటే అది డిపాజిట్ కాదు.

నష్టం పూడ్చుకోవడానికి ఇంకో పాలసీ తీసుకున్నారు. "పాతది సరెండర్ చేసి కొత్తది వేస్తే లాభం" అన్న సలహా అదే ఏజెంటు నుంచి వస్తుంది. కొత్త పాలసీతో ఛార్జీలు, ఐదేళ్ల లాకిన్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. పాత ఫిర్యాదు తేలేదాకా ఏ కొత్త ఫారం మీదా సంతకం చేయకండి.

"మీ పాలసీ సొమ్ము విడిపిస్తాం" అన్న ఫోన్‌ను నమ్మారు. ప్రీమియం ఆపిన కొన్ని నెలలకు, ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నామని, బోనస్ విడుదలకు ముందుగా కొంత కట్టాలని ఫోన్లు వస్తాయి. ఐఆర్‌డీఏఐ పాలసీలు అమ్మదు, బోనస్‌లు ప్రకటించదు, ఎవరి సొమ్మూ తన ఖాతాలో కట్టించుకోదు. అలా ఇప్పటికే కట్టినవారు వెంటనే 1930 సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేసి, తరువాత తమ బ్యాంకుకు తెలియజేయాలి.